మరచిన పాస్‌వర్డ్, తుడిచేయని పాత ఫోన్: కొత్త ఫోన్‌కు చేరని వాట్సాప్ చాట్ల కేస్ స్టడీ

అనువాదాలు చేసి జీవించే ఒక మహిళ సోమవారం ఉదయం రెండు ఫోన్లు పట్టుకొని నా దగ్గరకు వచ్చారు. రెండూ ఆండ్రాయిడ్ ఫోన్లే. శనివారం ఉదయం 11 గంటల ప్రాంతంలో ఆమె సిమ్‌ను కొత్త ఫోన్‌లో వేసుకొని, వాట్సాప్ ఇన్‌స్టాల్ చేసి, నంబరు వెరిఫై చేశారు. పాత చాట్లు రాలేదు. నాలుగేళ్ల పని సంభాషణలు, ఖాతాదారులు పంపిన సవరణలు, ధరల మీద కుదిరిన ఒప్పందాలు అన్నీ ఆ చాట్లలోనే ఉన్నాయి. మరుసటి రెండు రోజులూ ఆమె కొత్త ఫోన్‌తోనే పని సాగించారు. నా దగ్గరకు వచ్చేటప్పటికి ఆమెకు కచ్చితంగా తెలిసింది ఒక్కటే: "బ్యాకప్ ఉందండీ, కానీ రావడం లేదు."

ఈ మాట నేను తరచుగా వింటాను. బ్యాకప్ ఉండడం ఒకటి, దానిని తెరవగలగడం మరొకటి, తెరిచినది తాజాగా ఉండడం ఇంకొకటి. అందుకే ఏ ఫోన్‌నూ ముట్టుకోకముందు, శనివారం నుంచి ఏ తెర మీద ఏమి కనబడింది, ఆమె ఏమి నొక్కారు అన్నది వరుసగా చెప్పించుకున్నాను. సాంకేతిక పరీక్షలకంటే ఈ అరగంట మాటలే ఎక్కువ పనికొచ్చాయి.

ఆమె చెప్పినదాని ప్రకారం మొదటిసారి వెరిఫై చేసినప్పుడు, బ్యాకప్ ఏదీ దొరకలేదని కొత్త ఫోన్ చెప్పింది. అప్పుడు ఆ ఫోన్‌లో ఒకే గూగుల్ ఖాతా ఉంది; పాత ఫోన్‌లో మాత్రం రెండు ఉండేవి. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ క్లౌడ్ బ్యాకప్ గూగుల్ ఖాతాలోకి వెళుతుంది. దానిని తిరిగి పొందాలంటే బ్యాకప్ తీసిన నంబరూ అదే కావాలి, ఖాతా కూడా అదే కావాలి. ఆ రెండో ఖాతా కొత్త ఫోన్‌లో లేదు గనుక యాప్‌కు బ్యాకప్ కనబడకపోవడంలో వింత లేదు. సాయంత్రానికి ఆమెకే ఈ విషయం తట్టి, రెండో ఖాతాను జోడించి, యాప్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశారు. ఈసారి బ్యాకప్ కనబడింది. అయితే దాని కింద ఉన్న తేదీ పదకొండు వారాల నాటిది. రీస్టోర్ నొక్కితే పాస్‌వర్డ్ అడిగింది. గుర్తున్నవన్నీ ఒకటి తరవాత ఒకటి ప్రయత్నించి, ఏదీ సరిపోకపోవడంతో విసిగి స్కిప్ నొక్కేశారు.

ఈ కథనంలో నన్ను ఆందోళన పెట్టింది పాస్‌వర్డ్ కాదు, స్కిప్. రీస్టోర్ చేయాలా అని యాప్ అడిగేది నంబరు వెరిఫై అయిన వెంటనే, ఒక్కసారే. అక్కడ దాటేస్తే మామూలు సెట్టింగ్స్‌లో ఎంత వెతికినా రీస్టోర్ అన్న బటన్ ఉండదు. యాప్‌ను తీసేసి మళ్లీ మొదటి నుంచి రావలసిందే. అది శ్రమే తప్ప ప్రమాదం కాదు. ప్రమాదం ఏమిటంటే, స్కిప్ చేసిన తరవాత ఆ ఖాళీ యాప్‌కు కూడా బ్యాకప్ తీసే పని ఉంటుంది. ఒకే నంబరుకు, ఒకే గూగుల్ ఖాతాలో క్లౌడ్ బ్యాకప్ ఒక్కటే నిలుస్తుంది. కొత్తది ఎక్కితే పాతది చెరిగిపోతుంది, వెనుకటి ప్రతిని కోరి తెచ్చుకునే దారి లేదు. నాలుగేళ్ల చాట్లున్న బ్యాకప్ స్థానంలో రెండు రోజుల చాట్లున్న బ్యాకప్ చేరడానికి ఒక్క రాత్రి చాలు.

అందువల్ల నేను చేసిన మొదటి పని కొత్త ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టడం. తరవాత చాట్ బ్యాకప్ సెట్టింగ్ తెరిచి చూస్తే, రోజూ బ్యాకప్ తీసేలా, అదీ రెండో ఖాతాలోకే వెళ్లేలా అమర్చి ఉంది. దానిని ఆపేశాను. నా కంప్యూటర్‌లో ఆమె చేతనే ఆ ఖాతాలోకి లాగిన్ చేయించి, డ్రైవ్‌లోని బ్యాకప్‌ల జాబితా చూశాము. తేదీ ఇంకా పదకొండు వారాల నాటిదే. కారణం పక్కనే కనబడింది: ఆ ఖాతా నిల్వ పూర్తిగా నిండిపోయింది. ఒకప్పుడు వాట్సాప్ బ్యాకప్‌లను గూగుల్ నిల్వ లెక్కలో కలిపేవారు కాదు. 2024 నుంచి అవి కూడా ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే లెక్కకు వస్తున్నాయి. పదకొండు వారాల క్రితం ఆ 15 జీబీ నిండిన రోజునే ఆమె బ్యాకప్ ఆగిపోయింది. పాత ఫోన్ ఆ సంగతి తెలియజేస్తూనే ఉండి ఉంటుంది, ఆమె ఆ నోటిఫికేషన్లను పక్కకు తోసేస్తూ వచ్చారు. చిత్రమేమిటంటే, బ్యాకప్‌ను పాతబడనిచ్చిన ఆ నిండిన నిల్వే ఈ రెండు రాత్రులూ దానిని చెరిగిపోకుండా కాపాడింది.

డ్రైవ్ జాబితాలో బ్యాకప్ కనబడగానే చాలామంది దానిని డౌన్‌లోడ్ చేయమంటారు, ఆమె కూడా అడిగారు. అక్కడ పేరు, తేదీ చూడవచ్చు, కావాలంటే తొలగించవచ్చు. ఫైల్‌గా దించుకునే వీలు మాత్రం లేదు. అది యాప్‌కు మాత్రమే తెరుచుకునే గది.

ఇక పాస్‌వర్డ్ సంగతి. వాట్సాప్‌లో బ్యాకప్‌లకు ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ సదుపాయం 2021లో వచ్చింది. దానిని ఎంచుకున్నవారు ఒక పాస్‌వర్డ్ గానీ, 64 అంకెల కీ గానీ పెట్టుకుంటారు. అది లేని సాధారణ బ్యాకప్ అయితే, అదే నంబరును వెరిఫై చేయగానే తెరవడానికి కావలసిన కీ సర్వర్ నుంచి అందుతుంది. వాడేవారికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. ఈ ఎన్‌క్రిప్షన్ ఉన్న బ్యాకప్‌కు నంబరూ ఖాతా సరిపోయినా చాలదు, ఆ రహస్యం కూడా కావాలి. దానిని మరచిపోతే కంపెనీ కూడా తీసి ఇవ్వలేదు, ఎందుకంటే అది వారి దగ్గర చదవగలిగే రూపంలో ఉండదు. పాస్‌వర్డ్ వెనుక ఉన్న కీని ప్రత్యేకమైన భద్రతా యంత్రాలలో దాచి, పరిమిత సంఖ్యలో తప్పు ప్రయత్నాల తరవాత అది శాశ్వతంగా అందకుండా పోయేలా ఆ ఏర్పాటు చేశారు. అంటే ఊహించి కొట్టే ప్రతి పాస్‌వర్డ్‌కూ ఒక ఖర్చు ఉంది. అక్కడితో ప్రయత్నాలు ఆపమని ఆమెకు చెప్పాను.

ఆమె ఏయే పాస్‌వర్డ్‌లు ప్రయత్నించారని అడిగితే, అన్నిటికంటే ఎక్కువసార్లు కొట్టింది ఆరంకెల పిన్ అని తేలింది. "అది నాకు బాగా గుర్తుందండీ, ఫోన్ అప్పుడప్పుడూ అడుగుతూనే ఉంటుంది," అన్నారు. ఆ పిన్ రెండంచెల వెరిఫికేషన్‌ది. నంబరును మరొకరు నమోదు చేసుకోకుండా అడ్డుకునేది. యాప్ దానిని మధ్యమధ్యలో అడిగి గుర్తు చేస్తుంది కాబట్టే మనసులో నిలిచిపోతుంది. బ్యాకప్ పాస్‌వర్డ్ పని వేరు. అది రోజూ కంటపడదు, నిజంగా కావలసి వచ్చేది ఫోన్ మారిన రోజునే. ఈ రెండింటినీ ఒకటిగా అనుకోవడం నేను చూసిన తప్పులలో చాలా మామూలైనది.

ఇప్పుడు పాత ఫోన్. దాని బ్యాటరీ బలహీనంగా ఉంది, గాజు ఒక మూల పగిలింది, కానీ తెర పని చేస్తోంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఆమె దానిని రీసెట్ చేయలేదు, అందులోని వాట్సాప్‌ను తీసేయలేదు. నంబరు కొత్త ఫోన్‌లోకి వెళ్లిపోయింది గనుక యాప్ తెరిస్తే, ఈ ఫోన్‌లో మీ నంబరు నమోదై లేదన్న సందేశం వస్తోంది. దానిని అలాగే వదిలి, కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి ఈ ఫోల్డర్‌ను చూశాను:

```
Android/media/com.whatsapp/WhatsApp/Databases
```

క్లౌడ్‌తో సంబంధం లేకుండా ఆండ్రాయిడ్ వాట్సాప్ తెల్లవారుజామున 2 గంటలకు ఫోన్‌లోనే ఒక ప్రతి తీసి ఇక్కడ పెడుతుంది, సుమారు గత వారం రోజుల ప్రతులు ఉంచుతుంది. తేదీ లేని ఫైల్ అన్నిటికంటే తాజాది. తేదీ ఉన్నవి వెనుకటి రోజులవి. ఆమె ఫోన్‌లో పేర్లు ఈ తీరుగా ఉన్నాయి:

```
msgstore.db.crypt15
msgstore-YYYY-MM-DD.1.db.crypt15
```

తాజా ఫైల్ శనివారం తెల్లవారుజామునది. తేదీ ఒక్కటే చూస్తే క్లౌడ్‌లో ఉన్నదానికంటే ఇది ఎంతో మేలు: పదకొండు వారాల నష్టానికి బదులు తొమ్మిది గంటల నష్టం. కానీ చివరనున్న `crypt15` నా ఉత్సాహాన్ని తగ్గించింది. ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ పెట్టుకున్నప్పుడు ఫోన్‌లోని ప్రతికి కూడా అదే తాళం పడుతుంది. ఆ అంకె ఒక్కటే రుజువని నేను అనను గానీ, శనివారం సాయంత్రం కొత్త ఫోన్ పాస్‌వర్డ్ అడగడంతో కలిపి చూస్తే సందేహానికి చోటు లేదు. ఫైల్ పేరులో 15ను 14గా మార్చి చూడమన్న సలహా ఆమెకు ఎవరో ఇచ్చారట. పేరు మార్చడం వల్ల తాళం మారదు. పాత తేదీ ఫైల్‌ను ఎంచుకోవడానికి పేరులోని తేదీ భాగాన్ని తీసేయడం సరైన పద్ధతే. చివరి అంకెను మాత్రం ఎప్పుడూ ముట్టుకోకూడదు. ఇలాంటి ఫైళ్లను పాస్‌వర్డ్ లేకుండా తెరుస్తామని చెప్పే రికవరీ ప్రోగ్రాముల విషయమూ అంతే. ఇవి ఏఈఎస్-256 అనే బలమైన ఎన్‌క్రిప్షన్ పద్ధతితో మూసిన ఫైళ్లు, కీ లేకుండా తెరవడం వారి వల్లా కాదు, నా వల్లా కాదు.

అయినా ఆ ఫోల్డర్‌ను మొత్తంగా కంప్యూటర్‌లోకి కాపీ చేసుకున్నాను. పాస్‌వర్డ్ ఎప్పుడైనా గుర్తొస్తే ఆ ప్రతి పనికి రావచ్చు. పైగా ఇక చేయబోయే పనిలో ఏదైనా తేడా జరిగితే వెనక్కి వెళ్లడానికి అదొక్కటే ఆధారం.

అలా రెండు బ్యాకప్‌లూ మూసుకుపోయాయి. మిగిలింది బ్యాకప్ కానిది: పాత ఫోన్‌లోని అసలు డేటాబేస్. యాప్ తన చాట్లను ఫోన్ లోపలి భాగంలో, కేబుల్‌తో చేరలేని చోట ఉంచుకుంటుంది. నంబరు మరో ఫోన్‌కు వెళ్లినంత మాత్రాన అది చెరిగిపోదు. అదే నంబరును ఆ ఫోన్‌లో మళ్లీ వెరిఫై చేస్తే యాప్ తన చాట్లతోనే తెరుచుకుంటుంది; ఇక్కడ రీస్టోర్ జరగదు గనుక బ్యాకప్ పాస్‌వర్డ్ అడిగే సందర్భమే రాదు. ఈ దారి ఉందని తెలిశాక ఆమె ఊపిరి పీల్చుకున్నారు. నేను మాత్రం ఒక నష్టాన్ని ముందే చెప్పవలసి వచ్చింది.

శనివారం నుంచి సోమవారం దాకా వచ్చిన, పంపిన సందేశాలు కొత్త ఫోన్‌లోనే ఉన్నాయి. సందేశం ఒక ఫోన్‌కు చేరాక సర్వర్‌లో ఉండదు; చేరనివే అక్కడ ఎదురుచూస్తాయి, అదీ 30 రోజుల వరకే. కనుక ఈ రెండు రోజుల సందేశాలు పాత ఫోన్‌కు మళ్లీ రావు. రెండు చరిత్రలను కలిపి ఒకటిగా కుట్టే సదుపాయం యాప్‌లో లేదు. పాతది తెస్తే కొత్తది పోతుంది. నాలుగేళ్లకూ రెండు రోజులకూ మధ్య ఎంపిక కష్టమేమీ కాదు, కానీ ఆ రెండు రోజులలో ఒక ఖాతాదారు పంపిన తుది సవరణలు ఉన్నాయి.

అందుకని ముందు కొత్త ఫోన్ పని చూశాము. ఏరోప్లేన్ మోడ్ తీసేసి, బ్యాకప్ ఆగే ఉందని మరొకసారి నిర్ధారించుకుని, ఆమె ముఖ్యమన్న ఐదు చాట్లను ఎక్స్‌పోర్ట్ చాట్ ద్వారా ఆమె ఈమెయిల్‌కే పంపించాము. చాట్ ఒక `.txt` ఫైల్‌గా వస్తుంది. మీడియాను కలుపుకోవాలంటే కలుపుకోవచ్చు. రెండు చాట్లకు మీడియాతో సహా తీశాము, మిగిలినవాటికి మాటలు చాలన్నారు. ఈ ఫైళ్లు చదువుకోవడానికే, యాప్‌లోకి తిరిగి ఎక్కవు. ఆ సంగతి ఆమెకు రెండుసార్లు చెప్పాను, ఎందుకంటే ఎక్స్‌పోర్ట్‌ను బ్యాకప్‌గా పొరబడి, యాప్‌ను తీసేసి, తరవాత బాధపడినవారిని చూశాను. ఈమెయిల్ చేరిందని, ఫైళ్లు తెరుచుకుంటున్నాయని చూశాకే తరవాతి అడుగు వేశాము.

అక్కడ పని ఆగింది. పాత ఫోన్‌లో నంబరు కొట్టగానే, కోడ్ కోసం కొన్ని గంటలు వేచి ఉండమని యాప్ చెప్పింది. శనివారం నుంచి ఆమె యాప్‌ను ఎన్నోసార్లు తీసి వేసి కోడ్లు అడిగారు. అలా పదేపదే అడిగేకొద్దీ నిరీక్షణ పెరుగుతుంది. దీనికి అడ్డదారి లేదు. ఆ గడువు పూర్తయ్యేదాకా పాత ఫోన్‌లో ఏ క్లీనర్ యాప్‌నూ నడపవద్దని, వాట్సాప్ డేటా క్లియర్ చేయమని ఎవరు చెప్పినా వినవద్దని చెప్పి, ఆ ఫోన్‌ను ఛార్జర్‌కు తగిలించి నా బల్ల మీదే ఉంచుకున్నాను.

మంగళవారం ఉదయం మళ్లీ కూర్చున్నాము. సిమ్ కొత్త ఫోన్‌లోనే ఉన్నా ఇబ్బంది లేదు. కోడ్ ఎస్ఎంఎస్‌గా దానికి వచ్చింది, దానిని పాత ఫోన్‌లో కొట్టాము. తరవాత ఆరంకెల పిన్ అడిగింది. ఈసారి అది సరైన చోటే పడింది. కొన్ని క్షణాల తరవాత చాట్ల జాబితా తెరుచుకుంది, అన్నిటికంటే పైన శనివారం ఉదయం 10:52కు వచ్చిన సందేశంతో. ఆమె ముందుగా పైకి జరుపుకుంటూ వెళ్లి నాలుగేళ్ల నాటి మొదటి ఖాతాదారు చాట్‌ను తెరిచి చూసుకున్నారు. నిజానికి నేను చేయించాలనుకున్న పరీక్ష కూడా అదే: కొత్త సందేశాలు కనబడడం కాదు, పాతవి లోపలిదాకా తెరుచుకోవడం.

ఇక్కడి నుంచి రెండు దారులు ఉన్నాయి. ఒకటి, ఖాతాలో చోటు చేసి, పాస్‌వర్డ్ సంగతి తేల్చుకొని, తాజా క్లౌడ్ బ్యాకప్ తీసి దానిని కొత్త ఫోన్‌లో రీస్టోర్ చేయడం. రెండోది, 2023లో వచ్చిన ట్రాన్స్‌ఫర్ చాట్స్ సదుపాయంతో ఒక ఫోన్ నుంచి మరో ఫోన్‌కు నేరుగా పంపడం. రెండోదానికి క్లౌడ్ అక్కరలేదు, నిల్వ అక్కరలేదు, బ్యాకప్ పాస్‌వర్డ్ అక్కరలేదు. రెండు ఫోన్లూ ఒకే రకం వ్యవస్థవి కావాలి, నంబరు అదే కావాలి. ఈ కేసుకు అదే సరిపోయింది.

కొత్త ఫోన్‌లో ఖాళీ చోటు చూశాము. పాత ఫోన్‌లో వాట్సాప్ మొత్తం 9 జీబీ పైచిలుకు ఉంటే ఇక్కడ దానికి నాలుగు రెట్లు ఉంది. రెండు ఫోన్లలోనూ వైఫై, లొకేషన్ ఆన్ చేశాము. పాత ఫోన్‌లో సెట్టింగ్స్ నుంచి చాట్స్‌లోకి, అక్కడి నుంచి ట్రాన్స్‌ఫర్ చాట్స్‌లోకి వెళ్లి సిద్ధంగా ఉంచాము. కొత్త ఫోన్‌లో వాట్సాప్‌ను తీసేసి మళ్లీ వేసి, నంబరు వెరిఫై చేయగానే వచ్చిన తెర మీద ఈసారి బ్యాకప్ వైపు వెళ్లకుండా, పాత ఫోన్ నుంచి చాట్లు తెచ్చుకోవడాన్ని ఎంచుకున్నాము. కొత్త ఫోన్ క్యూఆర్ కోడ్ చూపింది, పాత ఫోన్ దానిని స్కాన్ చేసింది. సుమారు యాభై నిమిషాలు పట్టింది. ఆ సేపంతా రెండు ఫోన్లనూ ఛార్జర్‌కు ఉంచి, తెరలు ఆరిపోకుండా చూస్తూ కూర్చున్నాను. అంత బలహీనమైన బ్యాటరీతో మధ్యలో ఫోన్ ఆగిపోతే మళ్లీ కోడ్ అడగాలి, మళ్లీ గంటల నిరీక్షణ.

చాట్లన్నీ వచ్చాయి. శనివారం ఉదయం 10:52 తరవాత నేరుగా మంగళవారం మొదలవుతుంది, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలో ఉండవలసినది ఆమె ఈమెయిల్‌లో ఐదు ఫైళ్లుగా ఉంది.

పాత ఫోన్ తుడిచేసి ఉంటే ఈ కేసు ఎలా ముగిసేదో చెప్పడం తేలిక. కొద్ది వారాల ముందే మరొకరు ఇదే సమస్యతో వచ్చారు: బ్యాకప్ ఉంది, తేదీ కూడా తాజాదే, 64 అంకెల కీ రాసుకున్న కాగితం పోయింది, పాత ఫోన్ రీసెట్ అయి వేరొకరి చేతికి వెళ్లిపోయింది. ఆయనను పది నిమిషాలలో పంపించేశాను, రుసుము తీసుకోలేదు. ఒకవేళ ఈమె కొన్నది ఐఫోన్ అయి ఉంటే పాస్‌వర్డ్ గుర్తున్నా గూగుల్ ఖాతాలోని బ్యాకప్ పనికొచ్చేది కాదు, ఎందుకంటే ఐఫోన్‌లోని వాట్సాప్ ఐక్లౌడ్‌నే చదువుతుంది. ఆ రెంటి మధ్య చాట్లు మార్చడానికి పాత ఫోన్ చేతిలో ఉండగా చేసే వేరే పద్ధతి ఉంది. మూడు సందర్భాలలోనూ అక్కరకు వచ్చేది పాత ఫోనే.

వెళ్లే ముందు కొత్త ఫోన్‌లో బ్యాకప్ మళ్లీ అమర్చాము. రెండో ఖాతాలోని పెద్ద వీడియోలు, పాత అటాచ్‌మెంట్లు తీసేసి చోటు చేశారు. వాట్సాప్ బ్యాకప్‌లో వీడియోలు చేర్చవద్దని ఎంచుకున్నారు. ఎన్‌క్రిప్షన్ వద్దనుకుంటారేమో అని అడిగాను. "పని సంభాషణలు కదండీ, ఉండనివ్వండి," అన్నారు. కొత్త పాస్‌వర్డ్ పెట్టి, దానిని నా ఎదుటే పాస్‌వర్డ్ మేనేజర్‌లో చేర్చుకున్నారు. మొదటి బ్యాకప్ పూర్తయ్యాక చాట్ బ్యాకప్ తెర మీదా, కంప్యూటర్‌లో డ్రైవ్ జాబితాలోనూ ఆనాటి తేదీ పడిందని చూశాము. పాత ఫోన్‌ను నెల రోజులు తుడవకుండా అలమారాలో ఉంచుతానన్నారు. నా కంప్యూటర్‌లోని `Databases` కాపీని ఆమె పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఆమె ఎదుటే నా దగ్గరిది చెరిపేశాను.